పేజీలో ఇద్దరు, లెక్కలో నలుగురు

హైదరాబాద్‌లో ఫ్లాటు కొనేవాళ్లు బ్రోచర్ మీది పేరు చూసి వెళ్తారు. అడ్వాన్సు కట్టాక చేతికొచ్చే అగ్రిమెంటులో చాలాసార్లు ఇంకో పేరు ఉంటుంది. ఎప్పుడూ వినని ఆ పేరు చివర ‘ఎల్ఎల్‌పీ’ అని ఉంటుంది. అడిగితే సేల్స్ ఆఫీసులో కుర్రాడు, “మన గ్రూపుదే సార్, ప్రాజెక్టుకొకటి పెడతాం” అంటాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. బిల్డర్లు ఒక్కో ప్రాజెక్టుకు ఒక్కో ఎల్ఎల్‌పీ పెట్టుకోవడం మామూలే, తప్పూ కాదు. కాకపోతే గ్రూపు అనేది వాడుకలో మాటే తప్ప అప్పు తీర్చాల్సిన మనిషి కాదు. రసీదు ఇచ్చింది ఎల్ఎల్‌పీ, కాబట్టి రేపు తేడా వస్తే మొదట నిలదీయాల్సింది దాన్నే. దాని వెనక ఎవరున్నారో ప్రభుత్వ రిజిస్టరులో ఎవరైనా చూడొచ్చు. ఆ పేజీ ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలిసి చూడాలి.

ముందు ఎల్ఎల్‌పీ అంటే ఏమిటో చూద్దాం. మన పెద్దలు నడిపిన భాగస్వామ్య సంస్థలు, అంటే రైసు మిల్లులు, బట్టల కొట్లు, ఫైనాన్సు కంపెనీలు, 1932 నాటి భాగస్వామ్య చట్టం కిందివి. వాటిలో సంస్థ వేరు, మనుషులు వేరు అన్న మాట లేదు. ఒక భాగస్వామి చేసిన వ్యాపార బాకీకి మిగతావాళ్ల ఇల్లూ పొలమూ కూడా పూచీయే. కంపెనీలో అలా కాదు. కంపెనీ వేరే మనిషి కింద లెక్క, షేరుదారు పోగొట్టుకునేది తను పెట్టిన డబ్బే. ఈ రెంటికీ మధ్య 2008లో పార్లమెంటు తెచ్చినదే పరిమిత బాధ్యత భాగస్వామ్య చట్టం. అది 2009 మార్చి 31న అమల్లోకి వచ్చింది. ఎల్ఎల్‌పీ కంపెనీ లాగే తన పేరు మీద స్థలం కొనగలదు, అప్పు చేయగలదు, కోర్టుకు వెళ్లగలదు. లోపల నడిచే తీరు మాత్రం పాత భాగస్వామ్యం లాంటిదే. ఎవరికెంత లాభం, ఎవరు సంతకం పెట్టాలి, ఎవరు ఎప్పుడు తప్పుకోవచ్చు అన్నవన్నీ వాళ్లలో వాళ్లు రాసుకున్న ఒప్పందం ప్రకారం నడుస్తాయి.

కొనేవాడి వైపు నుంచి చూస్తే కంపెనీకీ ఎల్ఎల్‌పీకీ ఉన్న తేడాల్లో పట్టించుకోవాల్సినవి మూడే.

మొదటిది లెక్కల తనిఖీ. కంపెనీ ఎంత చిన్నదైనా ఏటా ఆడిటర్ చేత లెక్కలు చూపించుకోవాల్సిందే. ఎల్ఎల్‌పీకి ఏడాది టర్నోవరు 40 లక్షల రూపాయలు దాటితేనో, భాగస్వాముల మూలధన వాటా 25 లక్షలు దాటితేనో తప్ప ఆడిట్ తప్పనిసరి కాదు. కొత్తగా పెట్టిన బిల్డర్ ఎల్ఎల్‌పీలో మూలధనం లక్ష రూపాయలే ఉండి, కొనుగోలుదార్ల సొమ్ము ఇంకా అడ్వాన్సుగానే ఉండి, పుస్తకాల్లో అమ్మకం కింద పడకపోతే, ఎల్ఎల్‌పీ చట్టం కింద ఆడిట్ లేకుండా ఆ ఏడాది గడిచిపోవచ్చు. చేతిలో కోట్లున్నా సరే!

రెండోది ఒప్పందం. కంపెనీ నియమావళిని రిజిస్టరులో ఎవరైనా తెరిచి చదవొచ్చు. ఎల్ఎల్‌పీ చట్టం 36వ సెక్షన్ మాత్రం బయటివాళ్లు చూడదగిన పత్రాల జాబితా ఇచ్చి అక్కడితో ఆగింది. స్థాపన పత్రం, భాగస్వాముల పేర్లు, వాటిలో మార్పులు, ఏటా దాఖలు చేసే లెక్కలు, వార్షిక రిటర్ను ఆ జాబితాలో ఉన్నాయి. అసలు ఒప్పందం లేదు. లాభంలో ఎవరి వాటా ఎంత, సంతకం అధికారం ఎవరిది అన్నవి అందులోనే ఉంటాయి కాబట్టి, అవి కావాలంటే వాళ్లనే అడిగి తీసుకోవాలి.

మూడోది సంతకం. కంపెనీలో షేరుదారుకు కంపెనీ తరఫున మాటిచ్చే అధికారం ఉండదు, ఆ పని డైరెక్టర్లది. ఎల్ఎల్‌పీలో ప్రతి భాగస్వామీ సంస్థకు ఏజెంటే. అతని సంతకం మామూలుగా ఎల్ఎల్‌పీని కట్టేస్తుంది, తోటి భాగస్వాములను మాత్రం కట్టదు. అతనికి ఆ పని చేసే అధికారం నిజంగా లేనప్పుడు, ఆ సంగతి మీకు తెలిసి గానీ, అతను భాగస్వామి అని తెలియకుండా, నమ్మకుండా గానీ సంతకం పెట్టించుకుంటే ఎల్ఎల్‌పీ తప్పించుకోవచ్చు. అందుకే భాగస్వాముల జాబితా ఉత్త లాంఛనం కాదు.

నంబరు చెప్పేది, చెప్పనిది

కంపెనీకి ఇచ్చే గుర్తింపు నంబరును సీఐఎన్ అంటారు. అందులో 21 అక్షరాలూ అంకెలూ ఉంటాయి. డాక్టర్ రెడ్డీస్ నంబరు L85195TG1984PLC004507. మొదటి అక్షరం L అంటే స్టాక్ ఎక్స్చేంజిలో లిస్టయిన కంపెనీ. కానిదానికి U ఉంటుంది. తర్వాతి అయిదంకెలు వ్యాపార రకం, TG తెలంగాణ, 1984 పుట్టిన సంవత్సరం, PLC పబ్లిక్ కంపెనీ. ప్రైవేటుదైతే అక్కడ PTC ఉంటుంది. చివరి ఆరంకెలు రిజిస్ట్రేషన్ వరుస. 1984లో తెలంగాణ రాష్ట్రం ఎక్కడిదంటారా? రాష్ట్రం విడిపోయాక AP స్థానంలో TG వచ్చింది. రిజిస్టరైన చోటు మారితే ఆ రెండక్షరాలు మారతాయి, పుట్టిన ఏడాది మారదు. అంటే “ముప్ఫై ఏళ్ల అనుభవం” అని చెప్పుకునే కంపెనీ నంబరులో 2021 కనిపిస్తే అక్కడే అడగొచ్చు.

ఎల్ఎల్‌పీ నంబరులో ఇవేవీ ఉండవు. మూడక్షరాలు, ఒక గీత, నాలుగంకెలు, అంతే. రాష్ట్రం, సంవత్సరం, వ్యాపారం ఏవీ దాన్నిబట్టి తెలియవు. కానీ ఆ నంబరూ, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా, పరిమిత బాధ్యతతో రిజిస్టరైందన్న మాటా ఎల్ఎల్‌పీ తన ప్రతి ఇన్వాయిసు మీదా, అధికారిక ఉత్తరం మీదా, ప్రచురణల మీదా వేయాలని చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. మీ కాగితాల్లో ఎక్కడా నంబరు లేకపోతే అదీ ఒక సమాచారమే.

నంబరు దొరికాక mca.gov.in లో లాగిన్ అయి `View Company or LLP Master Data` అన్న చోట వేస్తే పేజీ వస్తుంది. పేరుతోనూ వెతకొచ్చు గానీ నంబరుతోనే వెతకండి. ఒక గ్రూపు పెట్టుకున్న ఎల్ఎల్‌పీల పేర్లలో ఒక్క మాటే తేడా ఉండటం మామూలు. ఒకటి అనుకుని ఇంకోదాని చరిత్ర చదివే ప్రమాదం ఉంది.

ఒక పేజీని చదువుదాం

ఒక ఎల్ఎల్‌పీని ఊహించుకుందాం. కొండాపూర్ వైపు రెండు టవర్లు కడుతోంది. 2025 జనవరిలో దాని పేజీ తెరిచాం. స్థాపన తేదీ 2019 ఆగస్టు, రిజిస్ట్రార్ హైదరాబాద్, స్థితి `Active`. భాగస్వాముల సంఖ్య 4, డిజిగ్నేటెడ్ పార్ట్‌నర్ల సంఖ్య 2. మూలధన వాటాగా ఇస్తామన్న మొత్తం లక్ష రూపాయలు. లెక్కల పత్రం 2023 మార్చి 31 వరకూ, వార్షిక రిటర్ను 2024 మార్చి 31 వరకూ దాఖలయ్యాయి. కింద రెండు పేర్లు, వాటి ఎదురుగా వాళ్లు ఎప్పటినుంచి ఉన్నారన్న తేదీలు.

చాలామంది `Active` చూసి పేజీ మూసేస్తారు. ఆ మాటకు రిజిస్టరు నుంచి సంస్థను కొట్టేయలేదనే అర్థం. డబ్బుందనీ పని నడుస్తోందనీ కాదు. కొట్టేసే ప్రక్రియ మొదలైతేనో, దివాలా విచారణకు వెళ్తేనో అక్కడ వేరే మాట కనిపిస్తుంది.

దానికన్నా ఎక్కువ చెప్పేవి దాఖలు తేదీలు. ఎల్ఎల్‌పీ ఏటా రెండు పత్రాలు వేయాలి. భాగస్వాముల వివరాలుండే వార్షిక రిటర్ను ఫారం 11, దీనికి గడువు మే 30. లెక్కలూ, అప్పులు తీర్చగలమన్న ప్రకటనా ఉండేది ఫారం 8, దీనికి అక్టోబరు 30. మన ఎల్ఎల్‌పీ 2023-24కి ఫారం 11 వేసింది గానీ, 2024 అక్టోబరు 30కి వేయాల్సిన ఫారం 8 జనవరికి కూడా వేయలేదు. పేర్లు రాసి పంపడం సులువు, లెక్క చెప్పడమే కష్టం. ఒక్కదానికే ఆలస్యం అయిందంటే లోపల ఖాతాలు తేలలేదని నేను అనుకుంటాను. కారణం మామూలుదే కావచ్చు. కానీ మీరు చూడగలిగిన చివరి లెక్క దాదాపు రెండేళ్ల నాటిదన్నది మాత్రం ఖాయం.

ఇక పేర్లు. భాగస్వాములు నలుగురని పైన ఉంది, కింద కనిపించేవి రెండే. ఇది తప్పు కాదు. మాస్టర్ డేటా పేజీ డిజిగ్నేటెడ్ పార్ట్‌నర్లనే చూపిస్తుంది. వీళ్లు చట్టం ముందు దాఖలాలకూ జరిమానాలకూ బాధ్యులు. ప్రతి ఎల్ఎల్‌పీకీ కనీసం ఇద్దరుండాలి, ఇద్దరూ మనుషులే కావాలి, ఒకరైనా ఆ ఆర్థిక సంవత్సరంలో 120 రోజులకు తగ్గకుండా ఇండియాలో ఉండాలి. డాలస్‌లో ఉన్న బావమరిదిని ఒక పేరుగా పెట్టుకోవచ్చు, రెండు పేర్లూ డాలస్‌వే అయితే కుదరదు. సంస్థ అసలు యజమానులు వీళ్లేనన్న హామీ మాత్రం ఈ పేజీలో ఎక్కడా లేదు.

మిగతా పేర్ల కోసం అదే సైటులో `View Public Documents` కు వెళ్లి, చిన్న రుసుము కట్టి చివరి ఫారం 11 దించుకోవాలి. మన ఉదాహరణలో అది ఇలా ఉందనుకుందాం. ఒక ప్రైవేటు కంపెనీ వాటా 60 వేలు. మొదటి డిజిగ్నేటెడ్ పార్ట్‌నర్ వాటా 20 వేలు. ఇంకో ఇద్దరు వ్యక్తులు చెరో 10 వేలు. మొత్తం లక్ష, నలుగురు భాగస్వాములు. మరి పేజీలో కనిపించిన రెండో వ్యక్తి? ఆయన ఈ నలుగురిలో లేడు! ఆయన ఆ ప్రైవేటు కంపెనీ తరఫున నిలబడ్డ నామినీ. కంపెనీ మనిషి కాదు కనుక డిజిగ్నేటెడ్ పార్ట్‌నర్ కాలేదు, ఒక మనిషిని నిలబెడుతుంది. ఆయన కంపెనీలో మామూలు ఉద్యోగి కూడా కావచ్చు. మూలధనంలో ఆరొంతులకు పైగా... కాదు, సరిగ్గా పదిలో ఆరు వంతులు పెట్టిన కంపెనీ పేరు మొదటి పేజీ చూసినవాళ్లకు తెలియకుండా పోవచ్చు, సొంతంగా ఒక్క రూపాయి పెట్టని మనిషి పేరు మాత్రం ముందు కనిపిస్తుంది. 

ఇక్కడి నుంచి దారి ఆ కంపెనీ వైపు వెళ్తుంది. దాని సీఐఎన్‌తో మళ్లీ మాస్టర్ డేటా చూడాలి. కంపెనీల్లో యజమానులు వేరు, నడిపేవాళ్లు వేరు కాబట్టి అక్కడా పేజీలో కనిపించేది డైరెక్టర్లే. షేరుదార్ల జాబితా ఎంజీటీ-7 అనే వార్షిక రిటర్నుతో ఉంటుంది. బ్రోచర్ మీద పేరున్న పెద్ద సంస్థ ఇదేనా, లేక దాని పేరును పోలిన ఇంకోటా అన్నది ఇక్కడ తేలుతుంది. ఇదే అయితే సేల్స్ కుర్రాడి “మన గ్రూపుదే” అన్న మాటకు ఆధారం దొరికినట్టు. అప్పుడైనా ఆ కంపెనీ తన వాటా మేరకే బాధ్యురాలని గుర్తుండాలి.

ఫారం 11లో ప్రతి పేరుకూ రెండు అంకెలుంటాయి. ఒకటి ఇస్తామన్న మొత్తం, రెండోది ఇచ్చిన మొత్తం. రెండూ సమానమైతే గొడవ లేదు. 50 లక్షలు ఇస్తామని 5 లక్షలే ఇచ్చి ఉంటే, మిగతా 45 లక్షలు ఆ భాగస్వామి ఎల్ఎల్‌పీకి ఇంకా బాకీ. ఆ మాటను నమ్మి అప్పిచ్చినవాడికి, తర్వాత వాళ్లలో వాళ్లు చేసుకున్న రాజీ సంగతి తెలియకపోతే, ఆ పాత మాటనే నిలబెట్టమని అడిగే హక్కు చట్టంలో ఉంది.

మూలధనం లక్షే అని బెంబేలు పడనక్కర్లేదు. ఎల్ఎల్‌పీ ఆస్తి అంటే ఆ లక్ష ఒక్కటే కాదు, దాని పేరున ఉన్న స్థలమూ కట్టడమూ బ్యాంకు నిల్వా అన్నీ దానివే. అవి ఫారం 8లో కనిపిస్తాయి. అందులో రెండు వరుసలు వెతకండి. అప్పులు ఎంత, కొనుగోలుదార్ల నుంచి తీసుకున్న అడ్వాన్సులు ఎంత. ఎదురుగా ఆస్తుల వైపు ‘లోన్స్ అండ్ అడ్వాన్సెస్’ చూడండి. మన ఎల్ఎల్‌పీ కొనుగోలుదార్ల నుంచి 18 కోట్లు తీసుకుని, కట్టడం కింద 5 కోట్లే చూపించి, 12 కోట్లు ఎవరికో అడ్వాన్సుగా ఇచ్చినట్టు రాసుకుందనుకోండి. మీ డబ్బు సిమెంటులోకి కాకుండా మరెక్కడికో వెళ్లిందన్నమాట. ఆ ‘మరెక్కడ’ అదే గ్రూపులోని ఇంకో ప్రాజెక్టు కావచ్చు, స్థల యజమానికి ఇచ్చిన డిపాజిట్టూ కావచ్చు. ఏదో అడిగి తెలుసుకోవాలి.

మాస్టర్ డేటాలోనే తాకట్ల జాబితా కూడా ఉంటుంది. కంపెనీ తన ఆస్తి మీద బ్యాంకుకు తాకట్టు ఇస్తే దాన్ని రిజిస్టరు చేసి తీరాలి. ఆ కట్టుదిట్టం ఎల్ఎల్‌పీ చట్టంలో అలా లేదు. కనుక ఎల్ఎల్‌పీ ఎదురుగా జాబితా ఖాళీగా ఉంటే అప్పు లేదని అనుకోకూడదు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీయించడం మానకండి.

మధ్యలో మారిన పేర్లు

ఫారం 11 ఏడాదికి ఒక్కరోజు నాటి చిత్రం. మార్చి 31 తర్వాత ఎవరు వచ్చారు, ఎవరు పోయారు అన్నది ఫారం 4లో ఉంటుంది. మార్పు జరిగిన 30 రోజుల్లో దాన్ని వేయాలి. కాబట్టి చివరి ఫారం 11 తీసుకుని, ఆ తర్వాత వచ్చిన ఫారం 4లన్నీ దాని పక్కన పెట్టుకుంటేనే ఇవాళ్టి జాబితా అవుతుంది. మన ఎల్ఎల్‌పీలో నామినీ పేరు ఎదురుగా ఉన్న తేదీ 2024 అక్టోబరు అనుకుందాం. సంస్థ పుట్టిన అయిదేళ్లకు, సరిగ్గా లెక్కలు వేయాల్సిన నెలలో మనిషి మారాడు. ఆయనకు ముందున్నది ఎవరు, ఎందుకు తప్పుకున్నారు అన్న ప్రశ్నకు ఫారం 4లో సగం జవాబు దొరుకుతుంది. మిగతా సగానికి పాత మనిషి డిన్ నంబరు ఉపయోగపడుతుంది. కంపెనీ డైరెక్టరుకూ ఎల్ఎల్‌పీ డిజిగ్నేటెడ్ పార్ట్‌నరుకూ ఇప్పుడు ఒకటే నంబరు కాబట్టి, ఆయన ఇంకా ఏయే సంస్థల్లో ఉన్నాడో, ఏవి మూతపడ్డాయో దానితో వెతకొచ్చు.

తప్పుకున్న భాగస్వామి కూడా ఈ పేజీని చూసుకోవాలి. రాజీనామా ఉత్తరం చేతికిచ్చి వచ్చేస్తే సరిపోదు. తప్పుకున్న సంగతి అవతలి మనిషికి తెలిసేదాకానో, రిజిస్ట్రారుకు నోటీసు అందేదాకానో, ఎల్ఎల్‌పీతో వ్యవహరించేవాళ్ల దృష్టిలో అతను భాగస్వామే. మిగిలినవాళ్లు ఫారం వేయరని అనుమానముంటే తనే వేసుకునే హక్కు చట్టం ఇచ్చింది. స్నేహితుడి మాట కాదనలేక రెండో పేరుగా నిలబడ్డవాళ్లు ఈ హక్కు సంగతి ముందే తెలుసుకోవడం మంచిది.

ఇంకో రకం మనుషులున్నారు. “రెండు లక్షలు పెట్టండి, ఎల్ఎల్‌పీలో పార్ట్‌నర్ని చేస్తాం, నెలనెలా లాభం పంచుతాం” అంటారు. లాభంలో వాటా రాసిచ్చినంత మాత్రాన ఎవరూ భాగస్వామి అయిపోరు. చట్టం 42వ సెక్షన్ ప్రకారం ఒక భాగస్వామి తన లాభాల హక్కును బయటివాడికి బదిలీ చేయొచ్చు. అలా తీసుకున్నవాడికి నిర్వహణలో మాట ఉండదు, లెక్కలు అడిగే హక్కూ రాదు. డబ్బు కట్టిన రెండు నెలలకు కూడా మీ పేరుతో ఫారం 4 కనిపించకపోతే, మీ చేతిలో ఉన్నది ఒక రసీదు మాత్రమే. సంస్థ దగ్గర భాగస్వాముల రిజిస్టరు ఉండాలన్న నియమం 2023 అక్టోబరులో వచ్చింది. అందులో పేరు ఎక్కించారా అని కూడా అడగండి.

రిజిస్టరులో రాసినవన్నీ ఆ సంస్థవాళ్లు తామే చెప్పుకున్న వివరాలు. మోసం చేయాలన్న ఉద్దేశంతోనే నడిపితే, అందులో పాలుపంచుకున్న భాగస్వాములకు పరిమిత బాధ్యత రక్షణ పోతుందని 30వ సెక్షన్ అంటుంది. కానీ ఆ ఉద్దేశాన్ని రుజువు చేయడం ఏళ్ల తరబడి సాగే కోర్టు పని. అడ్వాన్సు కట్టకముందు చేయాల్సిన పని అంతకన్నా చాలా తేలిక. చివరి ఫారం 11, చివరి ఫారం 8, ఆ తర్వాతి ఫారం 4లు దించుకోండి. రెరా వెబ్‌సైటులో ప్రాజెక్టు పేజీ తెరిచి, ప్రమోటరుగా ఇదే ఎల్ఎల్‌పీ పేరుందో లేదో చూడండి. అగ్రిమెంటు మీద సంతకం పెడుతున్న మనిషి పేరు జాబితాలో లేకపోతే, అతనికి అధికారమిస్తూ భాగస్వాములు రాసిన పత్రం నకలు అడగండి. అది ఇచ్చేదాకా చెక్కు రాయకండి.